వేర్ లేని డిలీట్, ఆ తర్వాత రాయాల్సిన మెయిల్

```
Query OK, 184312 rows affected (4.87 sec)
```

డేటాబేస్ వాడేవాళ్లకి ఇది రోజూ కనిపించే తరహా జవాబే. "పని అయింది, ఇన్ని వరుసలు మారాయి" అని దీని అర్థం. ఎర్ర రంగు ఉండదు, గంట మోగదు. కాని 14 వరుసలు తీసేద్దామని కూర్చున్న మనిషికి 1,84,312 అన్న అంకె కనిపిస్తే, ఒక కంపెనీ ఆర్డర్ల చరిత్ర అంతా అయిదు సెకన్లలో తుడిచిపెట్టుకుపోయిందని అర్థం. ఆ తర్వాత అరగంటలో ఆ ఉద్యోగి తన మేనేజర్‌కి ఒక మెయిల్ రాయాలి. చాలామంది దాన్ని క్షమాపణ పత్రంలా రాస్తారు. నిజానికి పోయిన డేటా ఎంతవరకు తిరిగి వస్తుంది, ఎంత త్వరగా వస్తుంది అన్నది చాలావరకు ఆ మెయిల్‌లో ఏముందన్న దాని మీదే ఆధారపడుతుంది. అందుకే దాని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ముందు ప్రమాదం సంగతి. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. 1974లో ఐబీఎంలో పనిచేసే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయ్స్ దీని తొలి రూపాన్ని ప్రచురించారు. ఈ భాష ఒక్కో వరుసతో విడిగా మాట్లాడదు, వరుసల గుంపుతో మాట్లాడుతుంది. "ఫలానా టేబుల్‌లోంచి తీసెయ్" అన్నది `DELETE`. "ఏ వరుసలు" అని చెప్పేది `WHERE`. ఆ రెండో ముక్క చెప్పకపోతే డేటాబేస్ తప్పు పట్టదు, అన్నీ అనే అర్థం చేసుకుంటుంది. తాత్కాలిక టేబుళ్లని ఖాళీ చేయడానికి అలా వాడేవాళ్లు ఉన్నారు కాబట్టి అది న్యాయమైన వాక్యమే.

తెలిసీ తెలిసీ `WHERE` రాయకుండా ఎవరు నడుపుతారు అని అడగొచ్చు. దాదాపు ఎవరూ నడపరు. రాస్తారు, కాని అది నడవదు. ఒక కేసు ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. మందుల డిస్ట్రిబ్యూటర్ ఒకరికి ఆర్డర్లు, బిల్లింగ్ చూసే సిస్టమ్‌ని నడుపుతోంది. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని అమ్మాయికి ఒక టికెట్ వచ్చింది. టెస్టింగ్ కోసం వేసిన 14 ఉత్తుత్తి ఆర్డర్లు అసలు డేటాబేస్‌లో ఉండిపోయాయి, వాటిని తీసేయాలి. ఆ అమ్మాయి రాసింది ఇది.

```sql
DELETE FROM orders
WHERE customer_id = 9001;
```

రాసిన దాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. అయితే చాలా డేటాబేస్ టూల్స్‌లో ఒక అలవాటు ఉంది. మౌస్‌తో కొంత భాగాన్ని సెలెక్ట్ చేసి రన్ కొడితే, సెలెక్ట్ చేసిన ముక్క మాత్రమే నడుస్తుంది. టేబుల్ పేరు సరిచూసుకోవడానికి మొదటి లైన్‌ని సెలెక్ట్ చేసింది, అది అలాగే ఉండగా రన్ కొట్టింది. మొదటి లైన్ తనంతట తానే పూర్తి వాక్యం. నడిచింది. కొన్ని టూల్స్‌లో రెండు లైన్ల మధ్య ఒక ఖాళీ లైన్ ఉన్నా వాక్యం అక్కడితో ముగిసినట్టే లెక్క, అక్కడా ఇదే జరుగుతుంది. అలవాటు కొద్దీ మొదటి లైన్ చివర సెమికోలన్ పెట్టేసి ఎంటర్ కొట్టేవాళ్లదీ ఇదే పరిస్థితి.

వెనక్కి తీసుకోవచ్చు కదా అనేది రెండో ప్రశ్న. ట్రాన్సాక్షన్ తెరిచి ఉంటే తీసుకోవచ్చు. అంటే మార్పు చేశాక `COMMIT` అనేవరకూ అది ఖాయం కాదు, `ROLLBACK` అంటే రద్దవుతుంది. కాని మైఎస్‌క్యూఎల్‌లో ఆటోకమిట్ అనే సెట్టింగ్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. ప్రతి వాక్యం నడిచిన వెంటనే తనంతట తానే ఖాయమైపోతుంది. పోస్ట్‌గ్రెస్ వాళ్ల కమాండ్ లైన్‌లోనూ అంతే. ఒరాకిల్ వాళ్ల ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో మాత్రం అలా కాదు, అక్కడ మనం చెప్పాలి. ఒకచోట పనిచేసి మరోచోటికి మారినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఈ కేసులో ఆటోకమిట్ ఆన్‌లో ఉంది. ఆ అమ్మాయి `ROLLBACK` కొట్టింది. "సరే" అన్నట్టుగా జవాబు వచ్చింది, వరుసలు మాత్రం రాలేదు. రద్దు చేయడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి అది ఉత్తుత్తి సరే.

ఇప్పుడు మెయిల్. భయంలో మొదట చేతికొచ్చేది ఇలా ఉంటుంది:

"నమస్తే సర్, ఈరోజు ప్రొడక్షన్‌లో చిన్న ఇష్యూ వచ్చింది. కొంత డేటా కనిపించడం లేదు. టీమ్ చూస్తోంది. జరిగిన అసౌకర్యానికి మన్నించండి. త్వరలో అప్‌డేట్ ఇస్తాను."

మర్యాదకి లోటు లేదు. కాని ఇది చదివిన మేనేజర్ ఏ పనీ మొదలుపెట్టలేడు. ఏ టేబుల్, ఎప్పుడు, ఎలా అన్న మూడూ తెలియాలంటే మళ్లీ ఫోన్ చేసి అడగాలి. "కనిపించడం లేదు" అని చదివి ఎవరో ఒకరు సర్వర్‌ని రీస్టార్ట్ చేసే ప్రమాదమూ ఉంది. వెర్షన్ 8కి ముందున్న మైఎస్‌క్యూఎల్‌లో అయితే ఖాళీ అయిన టేబుల్ మీద రీస్టార్ట్ చేస్తే ఆర్డర్ నంబర్ల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. అప్పుడు కొత్త ఆర్డర్లకి పాత నంబర్లు పడతాయి, పాత డేటాని వెనక్కి పెట్టేటప్పుడు రెండూ ఢీకొంటాయి.

ఇంకో సంగతి. మెయిల్ కన్నా ముందు ఫోన్ చేయాలి. ఆ అమ్మాయి 11:44కి టీమ్ లీడ్‌కి ఫోన్ చేసింది. "అన్నా, ప్రొడక్షన్‌లో ఆర్డర్స్ టేబుల్ మొత్తం డిలీట్ చేశాను. సైట్ ఆపించండి ముందు" అంది. ఆ తర్వాతే మెయిల్ రాయడానికి కూర్చుంది. అది 11:58కి వెళ్లింది. ఇలాంటివి మన ఆఫీసుల్లో ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి గాని, విషయం ఇలా ఉండాలి:

సబ్జెక్ట్: అత్యవసరం. ప్రొడక్షన్‌లో orders టేబుల్ మొత్తం డిలీట్ చేశాను, 11:42 ఐఎస్‌టీ

"సర్,

ఈరోజు ఉదయం 11:42:18 ఐఎస్‌టీకి, అంటే యూటీసీలో 06:12:18కి, ప్రొడక్షన్ డేటాబేస్‌లో `DELETE FROM orders` అనే కమాండ్‌ని `WHERE` లేకుండా నడిపాను. 184312 వరుసలు పోయినట్టు స్క్రీన్ చూపించింది. ఆటోకమిట్ ఆన్‌లో ఉంది. 11:43కి `ROLLBACK` ప్రయత్నించాను, ఫలితం లేదు.

చేయాల్సిన పని 14 టెస్ట్ ఆర్డర్లు తీసేయడం. రెండు లైన్ల కమాండ్‌లో మొదటి లైన్ మాత్రమే సెలెక్ట్ అయి నడిచింది.

order_items టేబుల్ కూడా ఖాళీ అయింది, చూశాను. payments టేబుల్‌లో వరుసలు ఉన్నాయి. మిగతావి చూడలేదు.

11:44కి లీడ్‌కి ఫోన్ చేశాను. 11:50కి సైట్‌ని మెయింటెనెన్స్‌లో పెట్టారు. ఈ మధ్యలో 23 కొత్త ఆర్డర్లు పడ్డాయి. అవి నిజమైన ఆర్డర్లు, టేబుల్‌లోనే ఉన్నాయి, చెరపకూడదు.

12:30కి అకౌంట్స్‌కి అమ్మకాల లెక్క పంపే జాబ్ నడుస్తుంది. దాన్ని ఆపాలి. నాకు ఆ పర్మిషన్ లేదు.

11:43 తర్వాత డేటాబేస్‌లో నేనేమీ మార్చలేదు, `SELECT`లు మాత్రమే నడిపాను. నా విండో, దాని హిస్టరీ అలాగే ఉంచాను.

రాత్రి 2 గంటల బ్యాకప్ పూర్తయినట్టు లాగ్‌లో ఉంది. అది రిస్టోర్ అవుతుందో లేదో నేను చూడలేదు.

పొరపాటు నాది. క్షమించండి. సీటు దగ్గరే ఉన్నాను, ఫోన్ ఆన్‌లో ఉంది."

దీంట్లో క్షమాపణ చివర్లో, ఒక్క మాటలో వచ్చింది. మిగతాదంతా రిస్టోర్ చేయబోయే మనిషికి ఉపయోగపడే సమాచారం. ఒక్కో ముక్కా ఎక్కడ అక్కరకొచ్చిందో చూడాలంటే డేటా ఎలా వెనక్కి వస్తుందో తెలియాలి.

పాతకాలపు వ్యాపారంలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. జరిగింది జరిగినట్టు వరసగా రాసుకునేది చిట్టా. పేరుపేరునా ఎవరి ఖాతా ఎంతో చూపేది ఆవర్జా. డేటాబేస్‌లో టేబుళ్లు ఆవర్జా. దాని పక్కన మైఎస్‌క్యూఎల్ బైనరీ లాగ్ అనే చిట్టా కూడా రాసుకుంటూ ఉంటుంది. ఏ సెకనులో ఏ వరుస చేరింది, ఏది మారింది, ఏది పోయింది అన్నీ అందులో వరసగా ఉంటాయి. ఆవర్జా పాడైతే, చివరిసారి తీసిన నకలు తెచ్చి, ఆ తర్వాతి చిట్టాని మొదటి నుంచి మళ్లీ ఎక్కిస్తూ వచ్చి, తప్పు జరిగిన పద్దుకి ఒక్క అడుగు ముందు ఆగాలి.

ఆగాల్సిన ఆ చోటే ఇక్కడ అసలు పని. ఒక్క పద్దు ముందుకి వెళ్తే అదే `DELETE` మళ్లీ నడుస్తుంది, రిస్టోర్ చేసిన కాపీ కూడా ఖాళీ అవుతుంది. చాలా వెనక ఆగితే ఆ మధ్యలో వచ్చిన ఆర్డర్లు పోతాయి. అందుకే మెయిల్‌లో సెకన్లతో సహా టైమ్ ఉండాలి. అది ఏ టైమ్‌జోన్ అన్నదీ ఉండాలి. మన దగ్గర చాలా సర్వర్ల గడియారాలు యూటీసీలో ఉంటాయి, మనం చెప్పుకునేది భారత కాలమానం. తేడా అయిదున్నర గంటలు. బైనరీ లాగ్‌ని చదివే `mysqlbinlog` అనే ప్రోగ్రామ్, మనమిచ్చిన టైమ్‌ని తను నడుస్తున్న మెషీన్ లోకల్ టైమ్‌గా తీసుకుంటుంది. యూటీసీ సర్వర్‌లో కూర్చుని "11:42 వరకు" అని చెబితే మనకి సాయంత్రం 5:12 అవుతుంది. అప్పటికి లాగ్ ఎక్కడ ఉంటే అక్కడి వరకూ, డిలీట్‌తో సహా, అంతా నడిచేస్తుంది. అమెరికా క్లయింట్లతో పనిచేసే టీముల్లో ఇది ఇంకా చిక్కు. "నిన్న రాత్రి" అని మెయిల్‌లో రాస్తే హైదరాబాద్‌లో ఒక రాత్రి, డల్లాస్‌లో ఇంకో రాత్రి.

టైమ్ దొరికాక కూడా అనుభవమున్న డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ టైమ్ మీదే ఆధారపడడు. ఒకే సెకనులో చాలా పద్దులు ఉండొచ్చు. కాబట్టి ఆ టైమ్ చుట్టుపక్కల లాగ్‌ని తెరిచి, ఆ `DELETE` మొదలైన పొజిషన్ నంబర్‌ని పట్టుకుంటాడు. అక్కడ orders టేబుల్‌లో 1,84,312 వరుసలు ఒకే ట్రాన్సాక్షన్‌లో పోయి ఉంటే, వెతుకుతున్నది అదే. మెయిల్‌లో వరుసల సంఖ్య రాసినందువల్ల ఈ సరిపోల్చడం కుదిరింది. "చాలా వరుసలు" అని రాసి ఉంటే కుదిరేది కాదు.

ఆ తర్వాత నడిపేది ఈ మాదిరిగా ఉంటుంది. ఇది అసలు సర్వర్ మీద కాదు, విడిగా లేపిన మరో సర్వర్ మీద.

```
mysqlbinlog --start-position=157 \
  --stop-position=48211907 binlog.000218 \
  | mysql -h restore-host
```

మొదటి నంబర్ రాత్రి 2 గంటల బ్యాకప్ తీసిన చోటు, బ్యాకప్ ఫైల్‌లోనే రాసి ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోవాలి. రెండో నంబర్ డిలీట్ మొదలయ్యే చోటు.

నిజానికి ఇంతకన్నా దగ్గరి దారి ఒకటుంది. ఇప్పటి మైఎస్‌క్యూఎల్‌లో లాగ్ మామూలుగా వరుసల రూపంలో ఉంటుంది. అంటే డిలీట్ అయిన ప్రతి వరుసలో ఏముందో కూడా అందులో ఉంటుంది. దాన్ని తిరగేసి, తీసేసిన ప్రతి వరుసనీ చేర్చే వాక్యంగా మార్చుకోవచ్చు. మరియాడీబీలో అయితే దీనికి `--flashback` అనే ఆప్షనే ఉంది. పాత బ్యాకప్ తెచ్చే పని లేదు. లీడ్ మొదట అటే మొగ్గాడు.

అక్కడ ఆ మెయిల్‌లోని "order_items టేబుల్ కూడా ఖాళీ అయింది" అన్న లైన్ అడ్డుపడింది. ఆర్డర్ పోతే ఆ ఆర్డర్‌లోని ఐటమ్స్ కూడా వాటంతట అవే పోవాలని ఆ డేటాబేస్‌లో నియమం పెట్టారు, `ON DELETE CASCADE` అని. ఇలా వెంట పోయిన పిల్ల వరుసల్ని మైఎస్‌క్యూఎల్ లోపలి ఇంజన్ తనే తీసేస్తుంది. ఏళ్లుగా వాడుకలో ఉన్న వెర్షన్లలో ఆ తీసివేతలు బైనరీ లాగ్‌లోకి ఎక్కవు. కాబట్టి లాగ్‌ని తిరగేస్తే ఆర్డర్లు వస్తాయి గాని ఒక్క ఐటమ్ కూడా రాదు. ఎవరు, ఎప్పుడు ఆర్డర్ ఇచ్చారో తెలుస్తుంది, ఏ మందులు అడిగారో తెలియదు. ఆ లైన్ మెయిల్‌లో లేకపోతే, ఆర్డర్ల లెక్క సరిపోయింది కదా అని సైట్ తెరిచేసి ఉండేవాళ్లు. గోడౌన్‌లో ప్యాకింగ్ చీటీలు ఖాళీగా వస్తే గాని అసలు సంగతి తెలిసేది కాదు.

కాబట్టి పొడుగు దారే పట్టారు. 12:10కి బ్యాకప్‌ని విడి సర్వర్‌లోకి ఎక్కించడం మొదలుపెడితే యాభై నిమిషాలు పట్టింది. రాత్రి 2 నుంచి 11:42 వరకు ఉన్న లాగ్‌ని నడపడానికి ఇరవై నిమిషాలు. 1:20కి రెండు టేబుళ్లూ డిలీట్‌కి ఒక్క అడుగు ముందున్న స్థితికి వచ్చాయి.

వచ్చినవి సరైనవేనా అని తేల్చుకోవడం వేరే పని, దానికి ముప్పావు గంట పట్టింది. సంఖ్య 1,84,312 సరిపోయింది, బాగానే ఉంది. కాని సంఖ్య సరిపోయినంత మాత్రాన లోపలి విలువలు సరిపోయినట్టు కాదు. ఇక్కడ payments టేబుల్ సాక్షిగా పనికొచ్చింది. దానికి ఆర్డర్ల టేబుల్‌తో కట్టుబాటు లేదు కాబట్టి అది చెక్కుచెదరలేదు. 11:42 వరకు ఉన్న ప్రతి చెల్లింపుకీ రిస్టోర్ అయిన ఆర్డర్లలో జోడీ ఉందా, మొత్తాలు కలుస్తున్నాయా అని చూశారు. జోడీ లేని చెల్లింపు ఒక్కటి దొరికినా లాగ్‌లో ఎక్కడో తప్పిపోయినట్టే.

ఆ తర్వాత ముందు orders, దాని వెనకే order_items అసలు డేటాబేస్‌లోకి ఎక్కించారు. ఈ వరస తప్పితే తండ్రి లేని పిల్ల వరుసల్ని డేటాబేస్ ఒప్పుకోదు. మధ్యలో వచ్చిన ఆ 23 ఆర్డర్లు అలాగే ఉన్నాయి. `DELETE` చేసినా నంబర్ల లెక్క వెనక్కి పోదు కాబట్టి వాటికి పాతవాటికన్నా పై నంబర్లే పడ్డాయి, ఢీకొనలేదు. అదే ఎవరైనా "ఎలాగూ ఖాళీ కదా" అని టేబుల్‌ని మొత్తం తీసేసి బ్యాకప్ కాపీని దాని చోట పెట్టి ఉంటే, డబ్బు కట్టిన 23 మంది ఆర్డర్లు పోయేవి. 2:40కి సైట్ తెరిచారు. టేబుల్‌లో ఇప్పుడు 1,84,335 వరుసలు. తీసేయాల్సిన ఆ 14 టెస్ట్ ఆర్డర్లూ అందులో భద్రంగా ఉన్నాయి.

12:30 జాబ్ సంగతి చిన్నదే గాని చెప్పాలి. మేనేజర్ ఆ మెయిల్ చదివి మొదట చేసిన పని దాన్ని ఆపించడం. అది నడిచి ఉంటే ఉదయం అమ్మకాలు 23 ఆర్డర్లు మాత్రమే అని అకౌంట్స్ సిస్టమ్‌కి వెళ్లేది. అప్పుడు సరిచేయాల్సిన డేటాబేస్‌లు రెండయ్యేవి.

రెప్లికా ఉంటే ఇంత గోల ఎందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. రెప్లికా అంటే అసలు సర్వర్‌లో జరిగిందల్లా వెంటవెంటనే తనలో చేసుకునే జంట సర్వర్. అసలు సర్వర్ కాలిపోతే అది కాపాడుతుంది. డిలీట్ విషయంలో మాత్రం కాపాడదు, ఎందుకంటే డిలీట్‌ని కూడా అది అంతే విధేయంగా చేసేస్తుంది. కావాలని గంట ఆలస్యంగా నడిచేలా పెట్టిన రెప్లికా అయితే ఉపయోగపడుతుంది. ఆ గంటలోపు ఎవరైనా చెప్పాలి, అంతే. దాచిపెట్టి సాయంత్రం చెబితే అదీ ఖాళీయే.

బ్యాకప్ గురించి మెయిల్‌లో "రిస్టోర్ అవుతుందో లేదో నేను చూడలేదు" అని రాయడం అతిజాగ్రత్త కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీర్ రెప్లికా సర్వర్‌లో డైరెక్టరీ తీసేస్తున్నాననుకుని అసలు సర్వర్‌లో తీసేశాడు. అక్కడ జరిగింది `DELETE` కాదు, ఫైళ్లనే చెరిపేయడం. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపేసరికి దాదాపు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్‌లు ఉన్నాయిగా అని చూస్తే, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 అయితే బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ 9.2ది. అందుకని రోజూ విఫలమవుతోంది. విఫలమైందని వచ్చే మెయిళ్లని మెయిల్ సర్వర్ తిప్పికొట్టేస్తోంది, ఎవరికీ చేరట్లేదు. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు ఒకరు తీసుకున్న కాపీ దొరికింది. ఆ ఆరు గంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు దెబ్బతిన్నాయి. ఆ కంపెనీ ఇదంతా దాచకుండా ప్రచురించింది, రికవరీని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. ఆ ఇంజినీర్ పేరు మాత్రం ఆ నివేదికలో రాయలేదు.

పేరు రాయకపోవడం వెనక ఒక ఆలోచన ఉంది. 2012లో ఎట్సీ కంపెనీలో జాన్ ఆల్‌స్పా రాసిన ఒక వ్యాసం తర్వాత, నింద లేని పోస్ట్‌మార్టమ్ అనే పద్ధతి సాఫ్ట్‌వేర్ రంగంలో బాగా ప్రచారంలోకి వచ్చింది. తప్పు చేసినవాళ్లని శిక్షిస్తే, తర్వాతివాళ్లు వివరాలు దాస్తారు, వివరాలు దాస్తే ఎవరూ ఏమీ సరిచేయలేరు అన్నది దాని సారం. మన ఆఫీసుల్లో ఇది మాటల్లో ఉన్నంతగా చేతల్లో లేదని నా అభిప్రాయం. రివ్యూ మీటింగ్‌లో "ఎలా చేశావమ్మా ఇలా?" అని నలుగురి ముందూ అడిగే మేనేజర్‌కి తర్వాతిసారి వచ్చేది ఆ "చిన్న ఇష్యూ వచ్చింది" మెయిలే. సెకన్లతో సహా టైమ్ రాసిన మెయిల్ అతనికి ఎవరూ పంపరు.

ఈ కేసులో మర్నాడు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. కొత్తగా చేరిన డెవలపర్‌కి ప్రొడక్షన్‌లో చెరిపే అధికారం ఎందుకుంది? కొన్ని నెలల కిందట ఒక ఆదివారం ఎవరూ అందుబాటులో లేక ఇచ్చారు, తీసేయడం మర్చిపోయారు. టెస్ట్ ఆర్డర్లు అసలు డేటాబేస్‌లోకి ఎలా వచ్చాయి? క్లయింట్‌కి డెమో అక్కడే చూపించారు. వీటిలో ఏదీ ఆ అమ్మాయి నిర్ణయం కాదు.

నివారణకి చెప్పే మందుల్లో కొన్ని అనుకున్నంత బలమైనవి కావు. మైఎస్‌క్యూఎల్‌లో `--safe-updates` అని ఒక ఆప్షన్ ఉంది. `WHERE`లో కీ కాలమ్ గాని, వాక్యంలో `LIMIT` గాని లేకపోతే డిలీట్‌ని ఒప్పుకోదు. దీనికి `--i-am-a-dummy` అని ఇంకో పేరు కూడా పెట్టారు దాన్ని తయారుచేసినవాళ్లు, వాళ్ల చమత్కారం వాళ్లది. ఈ కేసులో అది ఉంటే ప్రమాదం తప్పేదే. కాని `WHERE id > 0` అని రాస్తే అది కూడా నోరు మూసుకుని ఒప్పుకుంటుంది. రెండో మనిషి చేత కమాండ్‌ని చూపించుకోవాలనే నియమం మంచిదే, అయితే ఆ రెండో మనిషి చూసేది రాసిన వాక్యాన్ని. మౌస్ ఎంతవరకు సెలెక్ట్ చేసిందో అతనికి కనపడదు. ఈ కేసులో అతను చూసినా "బాగానే ఉంది" అనేవాడు. అందుకే చేత్తో సెలెక్ట్ చేసి నడపడం మాని, ఫైల్‌లో రాసి, ఫైల్ మొత్తాన్ని నడపాలి. అందులో ఇలా ఉండాలి.

```sql
START TRANSACTION;
SELECT COUNT(*) FROM orders WHERE customer_id = 9001;
DELETE FROM orders WHERE customer_id = 9001;
ROLLBACK;
```

మొదటిసారి చివర `ROLLBACK`తోనే నడపాలి. లెక్క 14 అని వచ్చి, డిలీట్ కూడా 14 అంటేనే ఆఖరి లైన్‌ని `COMMIT`గా మార్చి రెండోసారి నడపాలి. `WHERE` వేరే లైన్‌లో కాకుండా `DELETE` పక్కనే ఉండటం చూడండి. లైన్ సెలెక్ట్ చేసినా సగం వాక్యం నడవదు.

ఆ 14 టెస్ట్ ఆర్డర్లని తర్వాత ఈ ఫైల్‌తోనే తీసేశారు. ఆ వారంలోనే డెవలపర్లందరి ప్రొడక్షన్ లాగిన్లూ చదవడానికి మాత్రమే పరిమితం చేశారు. మీరు మేనేజర్ అయితే, మీ ప్రొడక్షన్ డేటాబేస్‌లో చెరిపే అధికారం ఎవరెవరికి ఉందో జాబితా ఈ వారమే తీయించండి. రాత్రి బ్యాకప్‌ని వేరే సర్వర్‌లో ఒకసారి పూర్తిగా రిస్టోర్ చేయించి, ఎంతసేపు పట్టిందో రాయించి పెట్టుకోండి.